డిసెంబరు 31తో ముగిసే ఆరోగ్య బీమా: గుర్తుచేసే సందేశం ఎలా రాయాలి?

ప్రశ్న: తిరుపతిలో మా మామయ్య బీమా ఏజెన్సీ ఆఫీసులో పని చేస్తున్నాను. ఈ 2025 డిసెంబరు 31తో అరవైకి పైగా కుటుంబాల ఆరోగ్య బీమా పాలసీలు ముగుస్తున్నాయి. పోయిన ఏడాది నేను పంపిన సందేశం చూసి కొందరు కంగారుపడి ఫోన్లు చేశారు, కొందరు అసలు పట్టించుకోలేదు. గడువులోపు కట్టించాలి, కానీ ఎవరినీ భయపెట్టకూడదు. ఏమి రాయాలి, ఎప్పుడు పంపాలి?

సమాధానం:

సందేశంలో మూడు విషయాలు ఉండాలి. పాలసీ ఏ రోజు ఎన్ని గంటల వరకు పనిచేస్తుంది, ఎంత కట్టాలి, ఆ రోజు దాటితే సరిగ్గా ఏమవుతుంది. చాలామంది మూడోదాన్ని వదిలేస్తారు, లేదా దాని బదులు ‘చివరి హెచ్చరిక’ అని పెడతారు. ఏమవుతుందో చెప్పకుండా ఏదో అవుతుందని మాత్రం చెబితేనే మనిషి భయపడతాడు. అసలు విషయం రెండు వాక్యాల్లో చెప్పేస్తే భయం ఉండదు, కట్టాల్సిన కారణం మాత్రం అర్థమవుతుంది. ఇక మొదటి సందేశం డిసెంబరు మొదటి వారంలోనే వెళ్లిపోవాలి. తిరుపతిలో ఉన్నవారికి అది ఎందుకో కింద చెబుతాను.

నేను చిత్తూరులో 2003 నుంచి ఏజెంటుగా ఉన్నాను. ఈ విషయంలో రెండు వైపులా తప్పులు చేశాను కాబట్టి అవే ముందు చెబుతాను.

మొదటిది పదేళ్ల కిందటిది. ‘చివరి అవకాశం! మీ పాలసీ రద్దు కాబోతోంది. వెంటనే కట్టండి’ అని ఒకేసారి అందరికీ పంపాను. మరుసటి రోజు ఉదయం ఎనిమిది కాకముందే పుత్తూరు నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మొదటి బస్సుకు వచ్చారట. చేతిసంచిలో నోట్ల కట్ట. అప్పటికి ఆయన పాలసీకి ఇంకా పద్దెనిమిది రోజుల గడువుంది. ‘రద్దు’ అన్న మాట చూసి, తాను ఏదో తప్పు చేశానని, కంపెనీ తనను తీసేస్తోందని అనుకున్నారు. రాత్రంతా నిద్రపోలేదని ఆయన భార్య తర్వాత ఫోనులో చెప్పింది. పైగా ఆయన నగదు కట్టారు. నగదుగా కట్టిన ఆరోగ్య బీమా ప్రీమియానికి 80డి కింద ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. ఆయన పెన్షను మీద పన్ను కట్టేవారు, ఏటా చెక్కు ఇచ్చేవారు. నా సందేశం వల్ల ఆ ఏడాది మినహాయింపు పోగొట్టుకున్నారు. నేనూ ఆ తొందరలో చెప్పలేదు, అది ఇంకా పెద్ద తప్పు.

అప్పటి నుంచి ‘రద్దు’ అన్న మాట వాడటం మానేశాను. రద్దు అంటే ఎవరో ఒకరు చేసే పని. తేదీ వచ్చి పాలసీ ఆగిపోవడం ముగియడమే కానీ రద్దు కాదు. పోయినసారి క్లెయిమ్ తీసుకున్నారన్న కారణంతో కంపెనీ ఆరోగ్య పాలసీ రెన్యువల్‌ను నిరాకరించడానికి కూడా వీల్లేదు. మోసం చేసినా, వివరాలు దాచినా అది వేరే సంగతి. కాబట్టి ‘రద్దవుతుంది’ అనేది భయపెట్టే మాటే కాదు, అబద్ధం కూడా.

రెండో తప్పు దీనికి సరిగ్గా వ్యతిరేకం. నిజానికి మీరు ఎక్కువ జాగ్రత్త పడాల్సింది దీని విషయంలోనే.

తిరుపతి బస్టాండు దగ్గర టిఫిన్ హోటలు నడిపే ఒకాయన కుటుంబ పాలసీ 2022 డిసెంబరు 31తో ముగిసింది. భార్యాభర్తలకు, కొడుక్కి కలిపి ఒకటే పాలసీ. ఆయనకు చక్కెర వ్యాధి ఉంది, పాలసీ తీసుకున్నప్పుడే రాయించాం. అప్పట్లో ఆ పాలసీలో ముందునుంచి ఉన్న జబ్బులకు నాలుగేళ్ల వెయిటింగ్ పీరియడ్, అంటే అన్నాళ్లు నిండే వరకు వాటికి బీమా రాదు. మూడేళ్లు పూర్తయ్యాయి. డిసెంబరు 28న ఫోను చేశాను. జనవరి 2న వైకుంఠ ఏకాదశి. ఊరంతా యాత్రికులు, ఆయనకు ఊపిరాడటం లేదు. ‘సారూ, ఈ పది రోజులు నన్ను వదిలేయండి’ అన్నారు. సంవత్సరమంతా కష్టపడే మనిషి, ఎందుకు విసిగించడం అనుకుని, ‘జనవరి 30 వరకు గడువుందిలెండి, కంగారు పడకండి’ అన్నాను.

జనవరి 8న ఆయన డెంగీతో ఆసుపత్రిలో చేరారు. కొడుకు నాకు ఫోను చేసి నగదు లేకుండా చికిత్సకు కార్డు ఇచ్చామని, పాలసీ అమలులో లేదంటున్నారేమిటని అడిగాడు. పన్నెండో తేదీన ఇంటికి వచ్చారు, బిల్లు అరవై నాలుగు వేలు. అదే రోజు ప్రీమియం కట్టారు, పాలసీ కొనసాగింది. చక్కెర వ్యాధికి గడిచిన మూడేళ్లు లెక్కలోనే ఉండిపోయాయి. ఆ అరవై నాలుగు వేలు మాత్రం ఆయన చేతి నుంచే పోయాయి.

నేను చెప్పింది అబద్ధం కాదు. సంవత్సరానికి ఒకసారి కట్టే పాలసీకి 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. కానీ గ్రేస్ పీరియడ్ కాపాడేది పాలసీ కొనసాగింపును, ఆసుపత్రి ఖర్చును కాదు. ఆ రోజుల్లోపు కడితే పాత పాలసీయే నడిచినట్టు లెక్క, వెయిటింగ్ పీరియడ్‌లో గడిచిన కాలం పోదు. అయితే డబ్బు అందని ఆ మధ్య రోజుల్లో వచ్చిన జబ్బుకు, జరిగిన ప్రమాదానికి బీమా ఉండదు. ప్రీమియాన్ని నెలకోసారో, మూడు నెలలకోసారో వాయిదాలుగా కట్టేవారికి వేరే నియమం. వాళ్లకు పాలసీ సంవత్సరం మధ్యలో వాయిదా ఆలస్యమైతే గ్రేస్ రోజుల్లో కూడా రక్షణ ఉంటుంది. నెలవారీ అయితే 15 రోజులు, మిగతావాటికి 30. ఈ రెండు నియమాలూ కలిసిపోయి, ‘గ్రేస్‌లో కూడా బీమా ఉంటుందట కదా’ అని చాలామంది అంటారు. మీ అరవై మందిలో ఎవరు ఏడాదికోసారి కడతారో, ఎవరు వాయిదాలు కడతారో ముందు విడదీసుకోండి. ఇద్దరికీ ఒకే సందేశం పనికిరాదు.

ఇక్కడ మన భాషతో కూడా ఒక చిక్కుంది. ‘గడువు’ అన్న మాటకు మనం రెండు అర్థాలు వాడతాం. ‘గడువు ముగిసింది’ అంటే ఆఖరి తేదీ. ‘నెల గడువిచ్చారు’ అంటే అదనంగా ఇచ్చిన సమయం. ‘జనవరి 30 వరకు గడువుంది’ అని నేనన్నప్పుడు ఆ హోటలాయన విన్నది రెండో అర్థం. అప్పు తీర్చడానికి షావుకారు నెల గడువిస్తే ఆ నెలలో మనకు నష్టమేమీ ఉండదు కదా, అలాగే అనుకున్నారు. అందుకే నా సందేశాల్లో ఇప్పుడు ‘గడువు’ అన్న మాట రాయను. ‘ఫలానా తేదీ రాత్రి 12 వరకు పాలసీ పనిచేస్తుంది’ అని రాస్తాను.

‘లోపు’ కూడా అంతే. ‘31 లోపు’ అంటే 31 కూడా కలుస్తుందా, 30తోనే ఆఖరా అని ఏటా ఇద్దరు ముగ్గురు అడుగుతారు. ‘31 అర్ధరాత్రి’ అంటే ముప్పై రాత్రి దాటాకనా, ముప్పై ఒకటి రాత్రి దాటాకనా అన్నది ఇంకొకరి సందేహం. మన పెద్దవాళ్లకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. జనవరి 1 తెల్లవారుజామున మూడు గంటలు వాళ్ల లెక్కలో ఇంకా డిసెంబరు 31వ తేదీయే. కంపెనీ కంప్యూటరుకు మాత్రం అది కొత్త సంవత్సరం. కాబట్టి వారం పేరుతో సహా ‘డిసెంబరు 31, బుధవారం రాత్రి 12 గంటల వరకు’ అని రాయండి. వారం పేరు పెడితే గుర్తుంటుంది కూడా. మన వాళ్లు బుధవారం సంత, శుక్రవారం అభిషేకం అని వారాలతోనే లెక్కపెట్టుకుంటారు.

ఇప్పుడు సందేశం. ఒక ఉదాహరణ తీసుకుందాం. కుటుంబ పాలసీ, సంవత్సరానికి ఒకసారి కట్టేది. పోయిన ఏడాది వాళ్లు కట్టింది రూ. 23,600. అందులో ప్రీమియం 20,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 3,600. ఈ ఏడాది కుటుంబంలో పెద్దాయన యాభై దాటి తర్వాతి వయసు మెట్టులోకి వచ్చారు కాబట్టి ప్రీమియం 22,400 అయింది. కానీ 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులూ కుటుంబాలూ సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. కాబట్టి కట్టాల్సింది 22,400 మాత్రమే.

నేనైతే ఇలా రాస్తాను:

> నమస్కారం ______ గారూ. మీ కుటుంబ ఆరోగ్య బీమా పాలసీ (చివరి అంకెలు 4417) డిసెంబరు 31, బుధవారం రాత్రి 12 గంటల వరకు పనిచేస్తుంది. వచ్చే ఏడాదికి కట్టాల్సింది రూ. 22,400. పోయిన ఏడాది జీఎస్టీతో కలిపి 23,600 కట్టారు. ఇప్పుడు జీఎస్టీ లేదు, వయసును బట్టి ప్రీమియం కొంత పెరిగింది.
>
> ఆ రోజుకు ముందే కడితే మీ రక్షణ ఒక్క రోజు కూడా ఆగదు. జనవరి 1 నుంచి 30 మధ్య కట్టినా పాలసీ కొనసాగుతుంది, కానీ కట్టే రోజు వరకు ఆసుపత్రి ఖర్చు బీమా నుంచి రాదు.
>
> కంపెనీ యాప్‌లో కట్టవచ్చు, లేదా డిసెంబరు 24 వరకు మా ఆఫీసుకు చెక్కు తీసుకురావచ్చు. ఈ సందేశంలో లింకు ఏదీ పెట్టలేదు. ఇప్పటికే కట్టి ఉంటే దీన్ని వదిలేయండి. సందేహం ఉంటే నాకు ఫోను చేయండి.
>
> — మీ పేరు, ఆఫీసు పేరు, ఫోను నంబరు

దీనిలో ఆశ్చర్యార్థకం ఒక్కటి కూడా లేదు, ‘వెంటనే’ లేదు. అయినా చదివిన మనిషికి డిసెంబరు 31కి, జనవరి 1కి తేడా ఏమిటో తెలుస్తుంది. తొందరపెట్టే పని ఆ తేడానే చేస్తుంది. ‘జనవరి 30’ అన్న తేదీని మాత్రం మీరు వేళ్ల మీద లెక్కపెట్టి రాయకండి. కంపెనీ పంపిన రెన్యువల్ నోటీసులో ఉన్న తేదీనే ఎత్తి రాయండి.

జనవరి 30 సంగతి అసలు చెప్పకపోతే అందరూ డిసెంబరులోనే కడతారు కదా అని మీ మామయ్యగారు అనవచ్చు. మా ఆఫీసులోనూ ఈ వాదన జరిగింది. నా అనుభవంలో అది ఎదురుతిరుగుతుంది. డిసెంబరు 31 దాటిపోయినవారిలో కొందరు ‘ఇక పోయిందిలే’ అనుకుని అసలు కట్టరు. చక్కెర, రక్తపోటు ఉన్నవాళ్లు అలా వదిలేస్తే వాళ్లకు జరిగే నష్టం చాలా పెద్దది. జనవరి 30 కూడా దాటితే అది పాత పాలసీ కాదు, కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. మొదటి 30 రోజుల నిరీక్షణ మళ్లీ వస్తుంది, ఆ రోజుల్లో ప్రమాదాలకు తప్ప మిగతావాటికి రక్షణ ఉండదు. ముందునుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2024 నుంచి అది మూడేళ్లకు మించకూడదన్న నియమం వచ్చింది, కానీ రెండున్నరేళ్లు గడిచిన మనిషికి మళ్లీ మూడేళ్లంటే మామూలు విషయం కాదు. కొత్త దరఖాస్తును కంపెనీ ఒప్పుకోవాలన్న నియమం కూడా లేదు.

అలాగని ఈ విషయమంతా మొదటి సందేశంలో పెట్టకండి. డిసెంబరు 1న ఉన్న మనిషికి జనవరి 30 తర్వాత జరిగేది చెప్పడం అంటే పెళ్లికి పిలుస్తూ విడాకుల చట్టం చదివినట్టే. ఆ మాట జనవరిలో మిగిలిపోయినవారికి మాత్రమే అవసరం.

ప్రీమియం ఎందుకు మారిందో ఒక వాక్యం పెట్టడం అనవసరమని అనిపించవచ్చు. ఈ ఏడాది మాత్రం తప్పక పెట్టండి. ‘జీఎస్టీ తీసేశారు కదా, మూడు వేల ఆరు వందలు తగ్గాలి, పన్నెండు వందలే తగ్గిందేమిటి?’ అని అడగబోయేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ సందేహం తీరనంత వరకు వాళ్లు కట్టరు. అడగడానికి మొహమాటపడి అలా ఊరుకుంటారు, మీరేమో పట్టించుకోలేదనుకుంటారు. పోయిన ఏడాది మీ సందేశానికి స్పందించనివారిలో సగం మంది ఇలాంటివారే అయి ఉంటారని నా అనుమానం. భయం లేక కట్టకపోవడం తక్కువ, అర్థం కాక ఆగిపోవడమే ఎక్కువ.

లింకు పెట్టలేదని చెప్పడానికీ కారణం ఉంది. ఇప్పుడు ఎవరి ఫోనులో చూసినా ‘మీ కరెంటు ఈ రాత్రి కట్ చేస్తాం’, ‘మీ ఖాతా నిలిపేస్తున్నాం’ అనే దొంగ సందేశాలే. వాటి తీరు ఏమిటి? తొందర, బెదిరింపు, ఒక లింకు. మన సందేశం అదే తీరులో ఉంటే తెలివైనవాళ్లు చెరిపేస్తారు, అమాయకులు తర్వాత వచ్చే దొంగ సందేశాన్ని కూడా నమ్ముతారు. పాలసీ నంబరులో చివరి నాలుగు అంకెలు రాస్తే ఇది మన దగ్గరి నుంచే వచ్చిందని గుర్తుపడతారు. మొత్తం నంబరు, పుట్టినతేదీ రాయకండి. ప్రీమియాన్ని మీ సొంత యూపీఐకి వేయించుకోవడం కూడా వద్దు. డబ్బు నేరుగా కంపెనీ పేరు మీదే వెళ్లాలి.

పంపాల్సిన రోజులు. ఈసారి వైకుంఠ ఏకాదశి డిసెంబరు 30న వచ్చింది. అంటే మీ పాలసీలు ముగిసే ముందు రోజు. తిరుపతిలో టాక్సీ నడిపేవాళ్లు, లాడ్జీలవాళ్లు, హోటళ్లవాళ్లు, పూలు అమ్మేవాళ్లు ఆ వారమంతా ఫోను ఎత్తరు. చిత్తూరులో ఉన్న నాకు ఈ బాధ కొంత తక్కువ, మీకు ఎక్కువ. డిసెంబరు 20 తర్వాత ఏ పనీ కాదనుకునే లెక్క వేసుకోండి.

నేను మూడుసార్లు గుర్తుచేస్తాను, మూడూ వేరువేరు పనుల కోసం. డిసెంబరు మొదటి వారంలో వెళ్లే దానిలో పైన రాసినదానికి ఒక్క వాక్యం కలుపుతాను: ‘కుటుంబంలో కొత్తగా ఎవరినైనా చేర్చాలన్నా, బీమా మొత్తం పెంచాలన్నా డిసెంబరు 10కి ముందే చెప్పండి.’ అలాంటి మార్పులకు కంపెనీ నుంచి ప్రశ్నలు వస్తాయి, కొన్నిసార్లు పరీక్షలు కూడా అడుగుతారు. ఆఖరి వారంలో అడిగితే రెన్యువలే ఆగిపోతుంది. మొత్తం పెంచుకునేవారికి ఇంకొకటి చెప్పాలి. పెరిగిన భాగానికి వెయిటింగ్ పీరియడ్ కొత్తగా మొదలవుతుంది, పాత భాగానికి పాతదే సాగుతుంది. ఇది సందేశంలో రాయను, ఫోనులో చెబుతాను.

రెండోది 15న, అప్పటికి కట్టనివారికి మాత్రమే. కట్టినవారికి మళ్లీ వెళ్తే వాళ్లు ‘నా డబ్బు అందలేదేమో’ అని కంగారుపడతారు. పోయిన ఏడాది మీకు వచ్చిన ఫోన్లలో ఇవి ఎన్నో చూసుకోండి. పంపే రోజు ఉదయం జాబితా సరిచూసుకోవడం కంటే కంగారు తగ్గించే ఉపాయం నాకు తెలియదు. మూడోది సందేశం కాదు, ఫోను. 18 నుంచి 22 మధ్య, మధ్యాహ్నం మూడు గంటలకు. హోటలువాళ్లకు అది ఊపిరి పీల్చుకునే సమయం. ఫోనులో మొదటి మాట ‘ఇంకా కట్టలేదు’ అని కాకుండా ‘కట్టడంలో ఏదైనా ఇబ్బంది వచ్చిందా?’ అని ఉండాలి. సగం మంది అసలు కారణం అప్పుడే చెబుతారు. కొడుకు బెంగళూరు నుంచి కడతానన్నాడనో, యాప్‌లో పాత ఫోను నంబరు ఉంది కాబట్టి ఓటీపీ రావడం లేదనో.

మామూలు ఎస్ఎంఎస్ పంపే ఆలోచన ఉంటే ఒక చిక్కు తెలుసుకోండి. ఇంగ్లీషులో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. పైగా ఒత్తు, గుణింతం అన్నీ విడివిడిగా లెక్క. ‘ప్రీమియం’ కంటికి మూడు అక్షరాలు, ఎస్ఎంఎస్ లెక్కలో ఎనిమిది. ‘మీ ఆరోగ్య బీమా 31-12 రాత్రి 12 వరకే. ప్రీమియం రూ.22,400. ఫోను చేయండి’ అంటేనే 68 అయిపోయింది. ఎవరు పంపారో రాయడానికి కూడా చోటు లేదు. జనవరి సంగతి చెప్పే వీలే లేదు. ఇలా కుదించడంలోనే సందేశాలు బెదిరింపుల్లా తయారవుతాయి. ఎస్ఎంఎస్ కంపెనీకి వదిలేసి, మీరు వాట్సాప్‌లో నాలుగు వాక్యాలు నిదానంగా రాయండి. వాట్సాప్ లేని పెద్దవాళ్లకు ఫోనే మేలు.

డబ్బు అందే తేదీ గురించి ఇంకొక మాట. బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం అందనిదే కంపెనీకి బాధ్యత మొదలవదు. చెక్కు వెనక్కి వస్తే కట్టనట్టే. ఏజెంటు చేతికి ఎవరైనా ప్రీమియం ఇస్తే, బ్యాంకు, పోస్టాఫీసు సెలవులు పోగా 24 గంటల్లో కంపెనీకి జమ చేయాలని అదే సెక్షన్ చెబుతుంది. డిసెంబరు 31 సాయంత్రం ఎవరో మీ ఆఫీసు టేబులు మీద పెట్టి వెళ్లిన నగదు ఆ రాత్రికి కంపెనీకి చేరకపోతే, మధ్యలో ఏదైనా జరిగితే, ఎవరు జవాబు చెప్పాలి? అందుకే చెక్కులకు నేను డిసెంబరు 24 ఆఖరు తేదీగా పెట్టుకుంటాను, సందేశంలోనూ అదే రాస్తాను. యాప్‌లో డబ్బు పోయి పాలసీ కాగితం రాకపోతే మళ్లీ కట్టవద్దని, ముందు నాకు చెప్పమని ఫోనులో చెబుతాను. 31 రాత్రి పదకొండు గంటలకు ఇది జరిగితే ఎవరూ ఏమీ చేయలేరు.

తొందరపెట్టడానికి కొందరు ‘15కు ముందే కడితే నా కమిషనులో కొంత మీకు’ అంటారు. ఇది చట్టంలోని 41వ సెక్షన్‌కు విరుద్ధం, మీ మామయ్యగారి ఏజెన్సీకే ముప్పు. క్యాలెండరు ఇవ్వండి చాలు.

ఇన్ని చేసినా మీ అరవై మందిలో నలుగురైదుగురు మిగులుతారు. వాళ్లకు జనవరి 2న ఇలా పంపండి:

> నమస్కారం ______ గారూ. మీ ఆరోగ్య బీమా పాలసీ డిసెంబరు 31న ముగిసింది. ఈ రోజు నుంచి మీరు కట్టే వరకు ఆసుపత్రి ఖర్చుకు రక్షణ లేదు. జనవరి 30 వరకు ఎప్పుడు కట్టినా పాత పాలసీయే కొనసాగుతుంది, చక్కెర వ్యాధికి మీరు పూర్తి చేసిన రెండేళ్లు లెక్కలోనే ఉంటాయి. ఆ తేదీ దాటితే కొత్తగా దరఖాస్తు చేయాలి, ఆ రెండేళ్లు లెక్కలోకి రావు. ఈ వారంలో కట్టగలరా? కుదరకపోతే ఒక మాట చెప్పండి, నేనే వస్తాను.

‘చక్కెర వ్యాధికి పూర్తి చేసిన రెండేళ్లు’ అన్నచోట ఆ కుటుంబానికి నిజంగా వర్తించేది రాయాలి. ఏ జబ్బూ లేనివాళ్లకు ఆ వాక్యం తీసేయండి. ఇది ఒక్కొక్కరికీ విడిగా రాయాల్సిన సందేశం, వాట్సాప్ గ్రూపులో పెట్టేది కాదు. ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో అది వాళ్ల సొంత విషయం. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇల్లయితే మరీనూ.

ఆ హోటలాయన ఇప్పటికీ నా దగ్గరే పాలసీ కడుతున్నారు. ఏటా డిసెంబరు 5కు ముందే చెక్కు పంపిస్తారు. నేను సందేశం పంపకముందే.